నీళ్ళు నిలిస్తే మొక్కజొన్న ఎందుకు పాలిపోతుంది? పక్కనే వరికి ఏమీ కాదెందుకు?

ఈ ఎపిసోడ్ ఒక ఫోటోతో మొదలుపెడతాను. స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా, ఇది ఖమ్మం దగ్గర మా బాబాయ్ వాళ్ళ మొక్కజొన్న చేను. మొత్తం రెండు ఎకరాలు. నల్లరేగడి నేల. ఫోటోలో పైన ఉన్న ఎకరం ముదురు ఆకుపచ్చగా ఉంది. కింద పల్లంలో ఉన్న ఎకరం మాత్రం పసుపు రంగులోకి తిరిగింది. రెండిట్లోనూ ఒకే రోజు విత్తారు, ఒకే విత్తనం, ఒకే మందులు. తేడా ఒక్కటే. వాన పడ్డాక పై ఎకరంలో నీళ్ళు దిగిపోయాయి, కింది ఎకరంలో నాలుగు రోజులు నిలిచాయి.

ఇప్పుడు ఫోటోలో ఇంకా కిందకి, గట్టు అవతలికి చూడండి. అది వరి మడి. అందులో నాటు వేసిన దగ్గర్నుంచీ నీళ్ళే. నెల దాటింది. అయినా వరి నిగనిగలాడుతోంది.

బాబాయ్ ఫోన్ చేసి అడిగింది ఇదే. "ఒరేయ్, యూరియా వేసి పన్నెండు రోజులు కూడా కాలేదు, ఈ వాన పడింది. వేసిందంతా కొట్టుకుపోయినట్టేనా? ఇంకో రెండు కట్టలు తెచ్చి వేసెయ్యనా?" అన్నాడు. నేను "ఆగు బాబాయ్, ఒక్క గంట టైమివ్వు, లెక్క వేసి చెప్తా" అన్నాను. ఆ లెక్కే ఈ ఎపిసోడ్.

ముందు ఒక మాట. "కొట్టుకుపోయింది" అని మనం అంటాం గానీ, ఆ నత్రజనిలో ఎక్కువ భాగం నీళ్ళతో కొట్టుకుపోలేదు. ఆ చేనుకి కింద గట్టు ఉంది, నీళ్ళు బయటికి పోలేదు కాబట్టే నిలిచాయి. నల్లరేగడి నేల కాబట్టి లోపలికి కూడా పెద్దగా ఇంకలేదు. మరి ఎక్కడికి పోయింది? గాలిలోకి పోయింది. మట్టిలో ఉన్న బ్యాక్టీరియా దాన్ని గ్యాస్ చేసి వదిలేశాయి. ఎందుకు చేశాయో తెలియాలంటే నత్రజని మట్టిలో వేసే వేషాలు చూడాలి. ముఖ్యంగా మూడు.

మొదటి వేషం: సేంద్రియ నత్రజని. అంటే రాలిన ఆకులు, పాత వేళ్ళు, పేడ, చచ్చిన పురుగులు, వీటి ప్రొటీన్లలో ఇరుక్కుని ఉన్న నత్రజని. ఇది ఎంత ఉంటుందో మనం ఊహించం. ఒక ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. మన సాయిల్ టెస్ట్ కార్డుల్లో సేంద్రియ కర్బనం అర శాతం అని వస్తుంటుంది కదా, అంటే నాలుగున్నర టన్నుల కర్బనం. మట్టిలోని సేంద్రియ పదార్థంలో ప్రతి పది, పన్నెండు పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. అంటే ఎకరానికి దాదాపు 400 కిలోల నత్రజని ఆల్రెడీ నేలలోనే ఉందన్నమాట. ఒక యూరియా కట్టలో ఉండేది ఇరవై కిలోల చిల్లర.

మరి అంత ఉంటే మనం కట్టలు ఎందుకు కొనాలి అంటారా? అది బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. వేరు దాన్ని నేరుగా తాగలేదు. మట్టిలోని బ్యాక్టీరియా, బూజులు ఆ ప్రొటీన్లను ముక్కలు చేసి, తమ తిండి తాము తిని, మిగిలిన నత్రజనిని అమ్మోనియంగా బయటికి వదలాలి. దీన్నే అమ్మోనిఫికేషన్ అంటారు. ఏడాదికి ఆ 400 కిలోల్లో రెండు శాతం కరిగితే 8 కిలోలు. మన వేడికి కాస్త ఎక్కువే కరగొచ్చు. పేడకుప్ప దగ్గర ముక్కుకి గుప్పున కొట్టే వాసన ఉంటుంది చూడండి, అది ఈ పనిదే. ఈ పనికి ఆక్సిజన్ ఉన్నా సరే, లేకపోయినా సరే. లేకపోతే నెమ్మదిగా జరుగుతుంది, అంతే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, వరి దగ్గర మళ్ళీ వస్తుంది.

యూరియా కూడా ఇదే దారిలో వస్తుంది. మట్టిలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. తేమ ఉన్న వెచ్చటి నేలలో అది రెండు నుంచి నాలుగు రోజుల్లో యూరియాని అమ్మోనియం చేసేస్తుంది. యూరియా పైపైన చల్లి వదిలేస్తే ఈ దశలోనే కొంత అమ్మోనియా గ్యాస్‌గా లేచిపోతుంది. బాబాయ్ సాళ్ళ పక్కన వేసి వెంటనే గుంటక తోలించాడు కాబట్టి, ఆ నష్టం పెద్దగా ఉండదు.

రెండో వేషం అమ్మోనియం. రాసేది ఇలా: NH₄⁺. ఆ పైన ఉన్న ప్లస్ గుర్తు చూడండి. ఈ కథ మొత్తం ఆ గుర్తు మీదే నడుస్తుంది. బంకమట్టి రేణువులకి మైనస్ చార్జి ఉంటుంది. ప్లస్, మైనస్ ఆకర్షించుకుంటాయి కాబట్టి అమ్మోనియం మట్టికి అతుక్కుని కూర్చుంటుంది. వాన పడినా అంత తేలిగ్గా కదలదు. నల్లరేగడిలో బంక ఎక్కువ కాబట్టి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

కానీ అమ్మోనియాన్ని మట్టి ప్రశాంతంగా ఉండనివ్వదు. రెండు గుంపుల సూక్ష్మజీవులు దాన్ని కాల్చి బతుకుతాయి. "కాల్చి" అంటే నిజంగానే, మనం అన్నం తిని ఆక్సిజన్‌తో శక్తి తీసుకున్నట్టు, ఇవి అమ్మోనియం తిని ఆక్సిజన్‌తో శక్తి తీసుకుంటాయి. మొదటి గుంపు, నైట్రోసోమోనాస్ లాంటివి, అమ్మోనియాన్ని నైట్రైట్ చేస్తాయి. రెండో గుంపు, నైట్రోబాక్టర్ లాంటివి, ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తాయి. ఇది నైట్రిఫికేషన్. ఇలా నిప్పూ వెలుతురూ లేకుండా రాయిలాంటి రసాయనాలు తిని బతికే జీవులు ఉన్నాయని 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త చూపించాడు. అప్పటికి అదొక వింత.

ఆక్సిజన్ లేకపోతే ఈ రెండు గుంపులూ పని ఆపేస్తాయి. అమ్మోనిఫికేషన్ లాగా "లేకపోయినా సరే" అనవు. ఆక్సిజన్ ఉండి, నేల 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో, తగిన తేమతో ఉంటే, వేసిన అమ్మోనియంలో ఎక్కువ భాగం ఒకటి నుంచి మూడు వారాల్లో నైట్రేట్ అయిపోతుంది.

మూడో వేషం ఆ నైట్రేట్. రాసేది NO₃⁻. ఇప్పుడు గుర్తు మైనస్. మట్టీ మైనసే, ఇదీ మైనసే. కాబట్టి మట్టి దీన్ని పట్టుకోదు. నీళ్ళు ఎటు పోతే అటు పోతుంది. మొక్కకి ఇది ఒకందుకు మంచిదే, ఎందుకంటే వేరు నీళ్ళు తాగినప్పుడల్లా నైట్రేట్ దానంతట అదే వేరు దగ్గరికి వస్తుంది. మొక్కజొన్న, పత్తి, మిరప లాంటి మెట్ట పైర్లు ఎక్కువగా తినేది ఈ నైట్రేట్‌నే. ఎర్ర దుబ్బనేలల్లో అయితే పెద్ద వానకి ఇది వేరు అందనంత లోతుకి దిగిపోతుంది. అది వేరే కథ. మన చేను నల్లరేగడి, అక్కడ జరిగింది ఇంకొకటి.

ఇప్పుడు వాన పడింది అనుకోండి. మట్టి రేణువుల మధ్య సందుల్లో అప్పటిదాకా గాలి ఉండేది. ఇప్పుడు నీళ్ళు నిండాయి. నీళ్ళలో ఆక్సిజన్ కదిలే వేగం, గాలిలో కదిలే వేగంలో దాదాపు పదివేలో వంతు. పైనుంచి కొత్త ఆక్సిజన్ రావడం దాదాపు ఆగిపోయినట్టే. కానీ లోపల బ్యాక్టీరియా, వేళ్ళు ఊపిరి తీస్తూనే ఉన్నాయి. ఆగస్టు నేల వెచ్చగా ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో లోపలి ఆక్సిజన్ ఖాళీ.

అప్పుడు మట్టిలోని మామూలు బ్యాక్టీరియా ఏం చేస్తాయి? చచ్చిపోతాయా? కొన్ని జాతులకి ప్లాన్ బి ఉంది. నైట్రేట్‌లో మూడు ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి కదా, వాటిని లాక్కుని ఊపిరి తీసుకుంటాయి. నైట్రేట్ నుంచి ఒక ఆక్సిజన్ లాగితే నైట్రైట్, ఆ తర్వాత నైట్రిక్ ఆక్సైడ్, తర్వాత నైట్రస్ ఆక్సైడ్, చివరికి ఆక్సిజన్ అంతా పోయి మామూలు నైట్రోజన్ గ్యాస్. మన చుట్టూ గాలిలో 78 శాతం ఉన్నది ఆ గ్యాసే. బుడగలై పైకి లేచి గాలిలో కలిసిపోతుంది. ఇదే డీనైట్రిఫికేషన్. ఫ్యాక్టరీలో బోలెడంత గ్యాస్ కాల్చి గాలిలోంచి పట్టి యూరియాలో పెట్టిన నత్రజని, మళ్ళీ గాలిలోకే. దారి మధ్యలో వచ్చే నైట్రస్ ఆక్సైడ్ కొంత పూర్తిగా మారకుండానే తప్పించుకుంటుంది. నూరేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. సర్లెండి, దాని మీద వేరే వీడియో చెయ్యాలి.

ఇక్కడ ఒక చిన్న అపోహ తీసేద్దాం. ఈ పని చేసే బ్యాక్టీరియా బయటి నుంచి వచ్చిన చెడ్డ పురుగులేమీ కాదు. నిన్నటిదాకా ఆక్సిజన్ పీల్చుకుంటూ, మన ఆకులూ పేడా కుళ్ళబెట్టి పెట్టిన బ్యాక్టీరియాలోనే కొన్ని. మందు కొట్టి చంపే విషయం కాదిది. వాటికి మూడు కావాలి: నైట్రేట్, ఆక్సిజన్ లేకపోవడం, తినడానికి కర్బనం. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా పని జరగదు.

వరి మడి చిక్కు ఇక్కడే విడుతుంది. మడిలో రెండో షరతు, మూడో షరతు పుష్కలంగా ఉన్నాయి. ఆక్సిజన్ లేదు, కుళ్ళే మోళ్ళు బోలెడు. కానీ మొదటిది లేదు. నైట్రేట్ తయారు కావాలంటే ఆక్సిజన్ కావాలి కదా! మడి బురదలో ఆక్సిజన్ లేదు కాబట్టి నైట్రిఫికేషన్ లేదు. అమ్మోనిఫికేషన్ మాత్రం జరుగుతూనే ఉంటుంది, గుర్తుందా, దానికి ఆక్సిజన్ లేకపోయినా పర్లేదు. సో, బురదలో నత్రజని అమ్మోనియం దగ్గరే ఆగిపోతుంది. మట్టికి అతుక్కుని సేఫ్‌గా ఉంటుంది. వరి కూడా దాన్ని హాయిగా తింటుంది. పైగా వరి కాండంలో, వేళ్ళలో గాలి గొట్టాలు ఉంటాయి, పైనుంచి ఆక్సిజన్ వేరుకి దిగుతుంది. మొక్కజొన్నకి ఆ సౌకర్యం అంతగా లేదు.

అంటే నత్రజని పోవడానికి కారణం ఒట్టి నీళ్ళు కాదు. ముందు గాలి ఉండి, తర్వాత నీళ్ళు రావడం. గాలి ఉన్నన్నాళ్ళూ నైట్రేట్ తయారవుతుంది. నీళ్ళు రాగానే తయారైంది ఎగిరిపోతుంది. బాబాయ్ చేనులో జరిగింది సరిగ్గా అదే.

ఇప్పుడు లెక్కకి వద్దాం. కట్ట 45 కిలోలు, అందులో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. ఎకరానికి ఒక కట్ట వేశాడు. వేసిన పన్నెండో రోజున వాన. ఈ పన్నెండు రోజుల్లో పైరు ఒక 5 కిలోలు తీసుకుని ఉంటుంది అనుకుందాం, ముప్పై రోజుల పైరు అప్పుడే ఊపందుకుంటుంది. మిగిలిన దాంట్లో 10 కిలోలు నైట్రేట్ అయింది, 5 కిలోలు ఇంకా అమ్మోనియంగా ఉంది అనుకుందాం. ఇవి కొలిచిన అంకెలు కావు, నా అంచనా. కానీ పన్నెండు రోజులకి ఇలా ఉండటం సబబే.

ఆ అమ్మోనియం 5 కిలోలకి ఢోకా లేదు. నీళ్ళు నిలిచినన్నాళ్ళూ నైట్రిఫికేషన్ ఆగుతుంది కాబట్టి అది అక్కడే ఉంటుంది. రిస్క్ అంతా ఆ 10 కిలోల నైట్రేట్‌కే. అమెరికాలో మొక్కజొన్న విపరీతంగా పండే ఇల్లినాయి రాష్ట్రంలో ఇలా నీళ్ళు నిండిన పొలాల్లో చేసిన ప్రయోగాల ప్రకారం, నేల 18 డిగ్రీలు దాటి ఉంటే రోజుకి 4 నుంచి 5 శాతం నైట్రేట్ పోతుంది. మన ఆగస్టు నేల అంతకన్నా చాలా వెచ్చగా ఉంటుంది, కాబట్టి నేను రోజుకి 5 శాతం ఒక లెక్క, 10 శాతం ఇంకో లెక్క వేశాను. నాలుగు రోజులకి మొదటి లెక్కలో 2 కిలోల లోపు పోతుంది. రెండో లెక్కలో దాదాపు మూడున్నర కిలోలు. యూరియాలో చెప్పాలంటే 4 కిలోల నుంచి ఏడున్నర కిలోలు.

అంతే. కట్ట మొత్తం కాదు! కట్టలో ఆరో వంతో, పదో వంతో. నేల ఆరేదాకా అక్కడక్కడా తడి ముద్దల్లో ఇంకా కొంత పోతుంది, నేల సొంత నైట్రేట్ కూడా కొంత పోయి ఉంటుంది, అది కూడా కలుపుకుని రెట్టింపు వేసుకున్నా పదిహేను కిలోల యూరియా. బాబాయ్ వెయ్యబోయింది రెండు కట్టలు, తొంభై కిలోలు.

ఇదే వాన వేరే రోజు పడి ఉంటే ఏమయ్యేది? యూరియా వేసిన రెండో రోజే పడి ఉంటే, అప్పటికి నైట్రేట్ దాదాపు ఏమీ లేదు, డీనైట్రిఫికేషన్‌తో నష్టం చాలా తక్కువ. మూడు వారాలకి పడి, పది రోజులు నిలిచి ఉంటే, మిగిలినదంతా నైట్రేటే కాబట్టి దెబ్బ చాలా గట్టిగా ఉండేది. అందుకే "వాన పడింది, ఎంత పోయింది?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. వేసి ఎన్ని రోజులైంది, నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయి, ఈ రెండూ చెప్పాలి. చేలో మందు వేసిన రోజు ఫోన్ క్యాలెండర్‌లో ఒక ఎంట్రీ పెట్టుకుంటే చాలు, ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

అప్పుడు బాబాయ్ మంచి ప్రశ్న అడిగాడు. "ఏడు కిలోల యూరియా పోతేనే చేను ఇంత పసుపు రంగులోకి వస్తదా? నన్ను వెర్రోణ్ణి చేస్తున్నవా?" నిజమే. ఆ పసుపంతా నత్రజని పోవడం వల్ల కాదు. నాలుగు రోజులు ఊపిరాడక వేళ్ళు దెబ్బతిన్నాయి. పక్కనే అన్నం కుండ ఉన్నా చెయ్యి విరిగినవాడు తినలేనట్టు, మట్టిలో మిగిలిన నత్రజనిని కూడా వేరు తీసుకోలేకపోతోంది.

ఈ రెండూ ఎలా వేరు చేసి చూడాలో చెప్తాను. నిజమైన నత్రజని లోపం అయితే ముందు కింది ఆకుల్లో కనిపిస్తుంది. పైరు పాత ఆకుల్లోంచి నత్రజనిని పీక్కుని కొత్త ఆకులకి పంపుతుంది కదా. మొక్కజొన్నలో ఆకు కొస నుంచి మొదలై, నడిమి ఈనె వెంబడి లోపలికి, తిరగేసిన గుడిసె కప్పులాగా కోసుగా పసుపు దిగుతుంది. అంచులు ఇంకా పచ్చగానే ఉంటాయి. ఇది రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అలా కాకుండా నీళ్ళు నిలిచిన రెండో రోజుకే మొక్క మొత్తం, కొత్త ఆకులతో సహా, పాలిపోయి వాడినట్టు ఉంటే అది వేళ్ళ సమస్య. అనుమానముంటే ఒక మొక్క పీకండి. వేళ్ళు తెల్లగా గట్టిగా ఉన్నాయంటే పర్లేదు. గోధుమ రంగులో మెత్తగా, లాగితే తోలు ఊడి వస్తుంటే వేరు కుళ్ళింది.

బాబాయ్ వీడియో కాల్‌లో మొక్క పీకి చూపించాడు. పాత వేళ్ళు కొన్ని గోధుమ రంగు, మొదలు దగ్గర కొత్తగా తెల్ల వేళ్ళు పొడుచుకొస్తున్నాయి. బతికిపోయింది అన్నమాట. కానీ అప్పుడే యూరియా వేస్తే వేరు తాగలేదు, నేల ఇంకా తడిగా ఉంది. సో, ముందు నీళ్ళు బయటికి పోయేలా గట్టుకి గండి కొట్టి, సాళ్ళ మధ్య కాలువ తీయించాం. ఆకుల మీద లీటరుకి 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేయించాం. ఎకరానికి 200 లీటర్లు పడితే, అది 4 కిలోల యూరియా, నత్రజని రెండు కిలోలు కూడా కాదు. దాంతో పైరు పండదు. వేరు కోలుకునేదాకా మొక్క ప్రాణం నిలబెట్టడానికి మాత్రం పనికొస్తుంది. పొద్దున్నో, సాయంత్రమో కొట్టాలి, మధ్యాహ్నం ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

నేల ఆరి, కాలు వేస్తే దిగబడకుండా ఉన్నాక, కింది ఎకరానికి మాత్రమే 20 కిలోల యూరియా వేసి, గుంటక తోలించాడు. రెండు కట్టల బదులు అర కట్ట కూడా కాలేదు. పై ఎకరం జోలికి పోనేలేదు, అక్కడ ఏమీ పోలేదు కదా. రెండు వారాలకి కింది ఎకరం మళ్ళీ పచ్చబడింది, కానీ పై ఎకరంతో సమానంగా ఎదగలేదు. ఆ తేడా చివరిదాకా ఉంది. వేరు పోగొట్టుకున్న రోజుల్ని యూరియా తెచ్చివ్వలేదు.

సరే, ఇప్పుడు మడి సంగతి. వరిలో నత్రజని సేఫ్ అన్నాను గానీ, అది పూర్తి నిజం కాదు. ఇది చూడండి. (గాజు సీసా చూపిస్తూ) మూడు వారాల కిందట ఈ సీసాలో చెరువు మట్టి వేసి, పైన నాలుగు వేళ్ళ మందాన నీళ్ళు పోసి పెట్టాను. మీరూ ఇంట్లో చేయొచ్చు. లోపల మట్టి బూడిద రంగుకి తిరిగింది. అది ఆక్సిజన్ లేని భాగం, అక్కడ ఇనుము తుప్పు రంగు కోల్పోయింది. కానీ అన్నిటికన్నా పైన, నీళ్ళకి ఆనుకుని, ఒక సన్నటి గోధుమ రంగు పొర ఉంది, కనిపిస్తోందా? కొన్ని మిల్లీమీటర్లే. నీళ్ళలోంచి దిగే కొంచెం ఆక్సిజన్ ఆ పొర వరకే అందుతుంది.

మడిలో యూరియాని నిలిచిన నీళ్ళ మీద చల్లితే, అది ముందు ఈ పై పొరలోనే పడుతుంది. అక్కడ ఆక్సిజన్ ఉంది, కాబట్టి నైట్రేట్ అవుతుంది. నైట్రేట్ మట్టికి అతుక్కోదు కాబట్టి మెల్లగా కింది బూడిద పొరలోకి జారుతుంది. అక్కడ ఆక్సిజన్ లేదు, గ్యాస్ అయిపోతుంది. ఒకే మడిలో, వేలెడు మందంలో, పైన తయారీ, కింద నష్టం. 1930లు, 40లలో జపాన్ శాస్త్రవేత్తలు షియోయిరి, మిట్సుయి ఈ రెండు పొరల ఆట తేల్చి చెప్పారు. వాళ్ళు చెప్పిన మందు చాలా సింపుల్: అమ్మోనియం ఎరువుని పైన చల్లొద్దు, బురదలో కలిపెయ్యండి. బూడిద పొరలోకి వెళ్ళిన అమ్మోనియం నైట్రేట్ కాలేదు, కాబట్టి పోలేదు.

దీనికి తోడు నీళ్ళ మీద చల్లిన యూరియాకి ఇంకో దారి కూడా ఉంది. మధ్యాహ్నం ఎండలో మడి నీళ్ళలోని పాచి నీళ్ళ క్షారతని పెంచుతుంది, అప్పుడు అమ్మోనియం అమ్మోనియా గ్యాస్‌గా లేచిపోతుంది. మడిలో చాలాసార్లు డీనైట్రిఫికేషన్ కన్నా ఇదే పెద్ద నష్టం.

అందుకే పైపాటుగా యూరియా వేసే ముందు మడిలో నీళ్ళు తీసేసి, బురద మీద పలచగా తడి ఉన్నప్పుడు చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్ళీ నీళ్ళు పెట్టమంటారు. బురదలోకి దిగి అతుక్కోవడానికి ఆ టైము. మరీ నాలుగైదు రోజులు ఆరబెడితే మళ్ళీ మొదటి కథే.

ఆ మొదటి కథ మడిలో నిజంగా జరిగేది కాలువ చివరి భూముల్లో. నీళ్ళు వంతులవారీగా వస్తాయి. వారం పది రోజులు నీళ్ళు లేక మడి బీటలు వేస్తుంది. బీటల్లోంచి గాలి లోపలికి దిగుతుంది, అప్పటిదాకా సేఫ్‌గా ఉన్న అమ్మోనియం నైట్రేట్‌గా మారడం మొదలవుతుంది. ఆ తర్వాత వంతు వచ్చి నీళ్ళు పెడతారు. గ్యాస్! మళ్ళీ ఆరుతుంది, మళ్ళీ నైట్రేట్, మళ్ళీ గ్యాస్. ప్రతి విడతలో కొంత. ఆ రైతు పొలం ఎప్పుడూ మొదటి పొలం రైతు కన్నా ఎక్కువ యూరియా అడుగుతుంది. "వాడికి వ్యవసాయం రాదు" అంటారు చూడండి, నాకు ఆ మాట నచ్చదు. అది నీళ్ళ వంతు చేసిన పని. అలాంటి చోట ఆరిన మడిలో యూరియా వేయకుండా, నీళ్ళు వచ్చి మడి బాగా తడిసి, మళ్ళీ పలచబడ్డాక వేసుకుంటే కొంత నయం. ఒకేసారి ఎక్కువ వేయకుండా విడతలు పెంచుకోవడం కూడా మంచిదే, పైరు తీసుకునే లోపు నిల్వ ఉండేది తక్కువ కాబట్టి.

వేప పూత యూరియా గురించి కూడా ఒక మాట. ఇప్పుడు మనకి దొరికే కట్టలు చాలావరకు వేప పూతవే, 2015లో తప్పనిసరి చేశారు. వేపలోని పదార్థాలు ఆ మొదటి గుంపు, నైట్రోసోమోనాస్ పని నెమ్మదింపజేస్తాయి. అంటే అమ్మోనియం దశలో ఇంకొన్నాళ్ళు ఆగుతుంది. ఎక్కువ రోజులు ప్లస్, తక్కువ రోజులు మైనస్. అది నైట్రేట్‌ని కాపాడదు, నైట్రేట్ కావడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతవరకే. మూడు వారాల తర్వాత వచ్చే వానకి వేప పూత కూడా పెద్దగా చేసేదేం లేదు.

ఇదండీ సంగతి. బాబాయ్ ఈ వీడియో చూసి మళ్ళీ ఫోన్ చేశాడు, "మరి కంది చేలో యూరియానే వెయ్యం కదా, దానికి నత్రజని ఎక్కడ్నుంచి వస్తదిరా?" అని. దానికి కంది వేరు పీకి, బొడిపెలు కోసి చూపించాలి. వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఉంటాను మరి.